చపాట మిర్చి ఓడెక్కాలంటే

రంగుకు పేరున్న పంట. 2025లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. భూపాలపల్లిలో పొడి కొట్టించి దుబాయ్‌లో అమ్మాలనుకునే చిన్న వ్యాపారి ధర ఎలా కట్టాలి? ఏ కాగితాలు పట్టుకోవాలి? డబ్బు ఎప్పుడు అడగాలి? డాలరు ఎటు పోతే ఎంత నష్టం? వెయ్యి కిలోల ఆర్డరును ముందు పెట్టుకుని రూపాయి రూపాయి లెక్క.

చపాట మిర్చిని ఊళ్లలో టమాటా మిర్చి అంటారు. గుండ్రంగా, లావుగా, ఎర్రగా ఉంటుంది. కారం తక్కువ, రంగు ఎక్కువ. అందుకే పచ్చళ్లు పెట్టేవాళ్లూ, రంగు తీసే కంపెనీలూ దీన్నే వెతుక్కుంటూ వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వస్తారు. వరంగల్, హనుమకొండ, ములుగు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల్లో పండే ఈ మిర్చికి వరంగల్ చపాట పేరిట భౌగోళిక గుర్తింపు వచ్చింది. తిమ్మంపేట రైతు ఉత్పత్తిదారుల కంపెనీ దాని కోసం ముందుకొస్తే, మహబూబాబాద్ జిల్లా మల్యాలలోని ఉద్యాన పరిశోధన కేంద్రం, ఉద్యాన విశ్వవిద్యాలయం శాస్త్రీయంగా అండగా నిలిచాయి.

గుర్తింపు వచ్చాక గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్న మనవాళ్ల దుకాణాల నుంచి ఒకే ప్రశ్న వస్తుంది: 'కిలో ఎంతకిస్తారు?' చాలామంది తడుముకోకుండా ఒక అంకె చెప్పేస్తారు. చిన్న ఎగుమతిదారు దెబ్బతినేది ఎక్కువగా ఆ అంకె దగ్గరే. డాలరు పడిపోతుందేమోనన్న భయం అందరికీ ఉంటుంది. కానీ లెక్క వేసి చూస్తే డాలరు కంటే ముందు భయపడాల్సినవి మూడున్నాయి. రేవులో సరుకు తిరస్కరణ, కొన్నవాడు డబ్బివ్వకపోవడం, ధర చెప్పిన తరువాత మిర్చి రేటు పెరగడం. ఎగుమతి ప్రణాళికను ఈ వరుసలోనే రాసుకోవాలి.

రెండొందల తొంభై కాదు, నాలుగొందల నలభై అయిదు

రేగొండ మండలంలో ఒక చిన్న వ్యాపారి ఉన్నాడనుకుందాం. దుబాయ్‌లోని ఒక కిరాణా హోల్‌సేలర్ వెయ్యి కిలోల చపాట కారం పొడి అడిగాడు. అర కిలో ప్యాకెట్లు, పది కిలోల అట్టపెట్టెలు. చెన్నై రేవులో ఓడకు ఎక్కించేదాకా ఖర్చు మనది, ఆ తరువాత ఓడ కిరాయి, బీమా ఆయనవి. దీన్నే వ్యాపారంలో ఎఫ్‌ఓబీ ధర అంటారు. కింది రేట్లు లెక్క అర్థం కావడానికి పెట్టుకున్నవి. మీ మార్కెట్‌లో ఆ రోజున్న రేట్లు వేసుకుని ఇదే వరుసలో కట్టుకోవాలి.

మిర్చి కిలో 250, పొడి కొట్టడానికి 15, ప్యాకింగ్‌కు 25, మొత్తం 290 అని చాలామంది లెక్క. అందులో మొదటి తప్పు తరుగు. కిలో మిర్చి మిల్లుకు పోస్తే కిలో పొడి రాదు. తొడిమలు తీయాలి, తాలు కాయలు ఏరాలి, మిల్లులో కొంత పోతుంది. వెయ్యి కిలోల పొడికి దాదాపు 1,150 కిలోల కాయ కొనాలి. ఆపైన రేవు దాకా ఒక్కో మెట్టూ డబ్బు అడుగుతుంది.

మిర్చి, 1,150 కిలోలు: రూ.2,87,500
మార్కెట్ ఖర్చులు, హమాలీ, మిల్లు దాకా బండి: రూ.7,500
తొడిమ తీసి ఏరే కూలి: రూ.13,800
పొడి కొట్టడం: రూ.15,000
ప్యాకెట్లు, లేబుళ్లు, అట్టపెట్టెలు: రూ.25,000
ల్యాబ్ పరీక్షలు: రూ.20,000
చెన్నైకి లారీ: రూ.20,000
కస్టమ్స్ ఏజెంటు, రేవు ఖర్చులు: రూ.27,000
బ్యాంకు, కొరియర్: రూ.7,500
పెట్టుబడి మీద నాలుగు నెలల వడ్డీ: రూ.16,900
అనుకోని ఖర్చులకు: రూ.4,800
మొత్తం: రూ.4,45,000

అంటే కిలోకు 445 రూపాయలు. 290 మీద పది శాతం లాభం వేసుకుని 320కి ఒప్పుకున్నవాడు కిలోకు 125 రూపాయలు ఎదురు పెట్టి పంపినట్టే. వడ్డీని కూడా ఎవరూ లెక్కలో వేయరు. మిర్చి కొన్న రోజు నుంచి చివరి డాలరు ఖాతాలో పడేదాకా మూడు, నాలుగు నెలలు పట్టవచ్చు. డబ్బు సొంతదైనా సరే, దాని వడ్డీ ఖర్చే.

మన వ్యాపారి కిలోకు 5.75 డాలర్లు అడిగాడు. మొత్తం 5,750 డాలర్లు. డాలరు 88 రూపాయలనుకుంటే 5,06,000 రూపాయలు వస్తాయి. ఖర్చు పోను 61,000 మిగులు. ఎగుమతులకు ప్రభుత్వం ఇచ్చే రాయితీలు దీనికి అదనం. వాటిని ధరలో కలిపి లాభమని లెక్కేసుకోకూడదు, వచ్చినప్పుడు వస్తాయి.

ఇక్కడే ఒక అంకె గోడ మీద రాసి పెట్టుకోవాలి. 4,45,000ను 5,750తో భాగిస్తే 77.40 వస్తుంది. డాలరు ఆ ధరకు పడితే అసలు వస్తుంది, లాభం ఉండదు. ఈ అంకె తెలియకుండా డాలరు గురించి భయపడటమూ దండగే, ధైర్యంగా ఉండటమూ దండగే.

కల్లంలోనే తేలిపోయే సంగతి

అన్నిటికంటే పెద్ద నష్టం తిరస్కరణ. రేవులో అధికారి సరుకు వద్దంటే 61,000 లాభం కాదు పోయేది, పెట్టిన 4,45,000 మొత్తం. వెనక్కి తెప్పించుకోవాలంటే కిరాయి మళ్లీ మనదే.

మిర్చిలో తిరస్కరణకు మొదటి కారణం అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం. కాయలు తడిమీద కుప్ప పోసినప్పుడు, మట్టి కల్లంలో ఆరేసినప్పుడు, ఎండబెట్టే రోజుల్లో వాన పడినప్పుడు బూజు పడుతుంది. బూజు రాలిపోయినా విషం పోదు, పొడి కొట్టినా పోదు. కాయలు విరగకుండా ఉండటానికీ, తూకానికీ బస్తాల మీద నీళ్లు చల్లే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఎగుమతి సరుకుకు అది విషమే. యూరప్‌లో ఈ విషం మొత్తం కలిపి కిలోకు 10 మైక్రోగ్రాములు దాటకూడదు, అందులో ప్రమాదకరమైన బీ1 రకం 5 దాటకూడదు. అమెరికాలో మొత్తం మీద హద్దు 20. అంటే 14 వచ్చిన సరుకు అమెరికాలో నిలుస్తుంది, జర్మనీలో నిలవదు. అందుకే కొనుగోలుదారు దేశంలో హద్దులేమిటో, ఏ పరీక్షలు కావాలో ధర చెప్పేముందే ఆయనతో రాతపూర్వకంగా తెప్పించుకోవాలి.

కొనేటప్పుడు చేత్తోనే కొంత తెలుస్తుంది. బాగా ఎండిన కాయను ఊపితే గింజలు గలగలమంటాయి. వంచితే సాగకుండా పెళుసుగా విరుగుతుంది. విరిచి లోపల చూడాలి. పైకి ఎర్రగా మెరిసే కాయ లోపల బూడిదరంగు, నలుపు బూజుతో ఉండొచ్చు. చపాట కాయ లావుగా, కండ పట్టి ఉంటుంది కాబట్టి పైన ఎండి లోపల తేమ మిగలడం దీనిలో ఎక్కువ. తేమ మీటరు పెట్టి పది, పదకొండు శాతం లోపు ఉంటేనే బస్తా తీసుకోవాలి. టార్పాలిన్ పరదాల మీద ఆరేసిన రైతుకు కిలోకు నాలుగైదు రూపాయలు ఎక్కువిచ్చినా మన లెక్కలో అది చౌకే.

పరీక్షకు నమూనా తీయడంలోనే చాలామంది పొరబడతారు. ఈ విషం సరుకంతా సమానంగా ఉండదు. ఒక మూల నాలుగు కాయల్లో గుట్టగా ఉంటుంది, మిగతా బస్తా శుభ్రంగా ఉంటుంది. పై బస్తాలోంచి గుప్పెడు తీసి పంపితే రిపోర్టు బాగా వస్తుంది, రేవులో మాత్రం దొరికిపోతుంది. ప్రతి బస్తాలోంచీ, అడుగు నుంచి కూడా కొంచెం కొంచెం తీసి, కలిపి, అందులోంచి నమూనా పంపాలి. అదీ పొడి కొట్టకముందు ఒకసారి, కొట్టాక ఒకసారి. ముందు పరీక్షలో తప్పిన కాయను ఇక్కడి మార్కెట్‌లోనైనా తిరిగి చూసుకోవచ్చు, ఖర్చంతా పెట్టి ప్యాకెట్లు కట్టాక దారి ఉండదు.

రెండోది కృత్రిమ రంగు. 2003లో భారత్ నుంచి వెళ్లిన కారం పొడిలో సూడాన్ రంగును ఫ్రాన్స్ పట్టుకున్నప్పటి నుంచి మన కారమంటే ప్రపంచమంతా అనుమానంగా చూస్తుంది. చపాటకు సహజంగానే రంగు ఎక్కువ కాబట్టి మనకు ఆ అవసరమే లేదు. అయినా వేరే సరుకు ఆడించిన మిల్లులోనే మనదీ ఆడిస్తే పాత పొడి కలుస్తుంది. మిల్లును శుభ్రం చేయించి, మొదట నాలుగైదు కిలోలు ఆడించి పక్కన పడేశాకే మన సరుకు పోయించాలి.

మూడోది పురుగుమందు. 2021-22లో నల్ల తామర పురుగు తెలంగాణ మిర్చి తోటలను ఊడ్చేసినప్పుడు రైతులు దొరికిన మందల్లా కొట్టారు. మందు అవశేషం ఎండలో పూర్తిగా పోదు, మిల్లులోనూ పోదు. ఎవరి తోటలో ఏ మందు, ఏ తేదీన కొట్టారో రాయించుకున్న కాయనే ఎగుమతికి వేరు చేయాలి. స్పైసెస్ బోర్డు ప్రయోగశాల గుంటూరులోనే ఉంది. మిర్చి ఎగుమతికి ఏ దేశానికి ఏ పరీక్ష తప్పనిసరో అక్కడే కనుక్కోవచ్చు.

కాగితాల్లో ఒకే పేరు, ఒకే తూకం

రిజిస్ట్రేషన్లు ఒకసారి చేసుకుంటే చాలావరకు నిలిచి ఉంటాయి. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ దగ్గర ఎగుమతి దిగుమతి కోడ్, స్పైసెస్ బోర్డు దగ్గర సుగంధ ద్రవ్యాల ఎగుమతిదారుగా నమోదు, ఆహార భద్రత సంస్థ లైసెన్సు, మన బ్యాంకు శాఖ కోడ్‌ను రేవు కస్టమ్స్‌లో నమోదు చేయించడం. జీఎస్టీలో ఏటా లెటర్ ఆఫ్ అండర్‌టేకింగ్ ఆర్‌ఎఫ్‌డీ-11 వేయాలి. అది వేయకపోతే పన్ను ముందు కట్టి తరువాత వాపసు అడగాలి. చిన్న పెట్టుబడికి ఆ ఆలస్యమే గొంతు పట్టుకుంటుంది. 'వరంగల్ చపాట' అని ప్యాకెట్ మీద వేసుకోవాలంటే భౌగోళిక గుర్తింపు కార్యాలయంలో అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. ఆ గుర్తింపు ఇక్కడి చట్టంలోది. దుబాయ్‌లో ఆ పేరు ఎవరైనా వాడుకుంటే దానంతట అది అడ్డుకోదు.

ప్రతి సరుకుకూ వేరేగా ఉండేవి ఇన్వాయిసు, ప్యాకింగ్ లిస్టు, షిప్పింగ్ బిల్లు, ఓడ కంపెనీ ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్, ల్యాబ్ రిపోర్టు, మూలస్థాన ధ్రువపత్రం. ఈ చివరిది ఇక్కడ ముఖ్యం. 2022 మే 1 నుంచి అమల్లోకి వచ్చిన భారత్-యూఏఈ ఒప్పందం కింద సుంకం రాయితీ రావాలంటే ఆ ఒప్పందానికి చెందిన ధ్రువపత్రమే కావాలి, మామూలు ధ్రువపత్రం చెల్లదు. రాయితీ దక్కేది కొనుగోలుదారుకు. కాబట్టి బేరంలో ఇది మనకొక ఆయుధం. ప్యాకెట్ మీద అరబిక్ లేబులు, తయారీ తేదీ, గడువు తేదీ ఎలా ఉండాలో ముందే నమూనా పంపి ఒప్పించుకోవాలి.

కాగితాల్లో జరిగే తప్పులు చిన్నవిగా కనిపిస్తాయి. ఇన్వాయిసులో 'కారం పొడి' అని, ల్యాబ్ రిపోర్టులో 'ఎండు మిర్చి' అని ఉంటుంది. ప్యాకెట్ మీద బ్యాచ్ నంబరు ఒకటి, రిపోర్టులో మరొకటి. అట్టపెట్టె బరువు కలిపిన తూకాన్ని నికర తూకం గడిలో రాస్తారు. అప్పుడు ఆ రిపోర్టు ఈ సరుకుదేనని రుజువు ఉండదు, సరుకు రేవులో ఆగుతుంది, రోజు లెక్కన అద్దె పెరుగుతుంది. అందుకే మిల్లులోనే బ్యాచ్ నంబరు ఖాయం చేసి, ల్యాబ్‌కు పంపే సంచి మీద అదే రాయాలి. పొడికి హెచ్‌ఎస్ కోడ్ 0904 22 11. కాయకు వేరే కోడ్. అన్ని కాగితాలనూ పక్కపక్కన పరిచి సరుకు పేరు, కోడ్, బ్యాచ్, నికర తూకం, పెట్టెల సంఖ్య ఒక్కొక్కటీ వేలితో సరిచూసుకున్నాకే లారీ కదలాలి.

డబ్బు ముందా, సరుకు ముందా

దుబాయ్ వ్యాపారి ఇరవై శాతం ముందిస్తాను, మిగతాది సరుకు చేరాక అరవై రోజులకు అంటాడు. ఒప్పుకుంటే మన చేతికి వచ్చేది 1,150 డాలర్లు, అంటే 1,01,200 రూపాయలు. సరుకు ఓడెక్కేసరికి మన సొమ్ము 3,43,800 ఆయన మాట మీద నిలబడి ఉంటుంది.

యాభై శాతం ముందు, మిగతా యాభై బిల్ ఆఫ్ లేడింగ్ స్కాన్ కాపీ చూపగానే అన్నది మొదటి ఆర్డరుకు న్యాయమైన షరతు. అప్పుడు ముందు 2,53,000 వస్తాయి, ఇరుక్కునేది 1,92,000. అసలు బిల్ ఆఫ్ లేడింగ్ మన దగ్గరే ఉంటుంది. మిగతా సొమ్ము ఖాతాలో పడ్డాకే దాన్ని కొరియర్ చేయాలి. అది లేకుండా ఆయన సరుకు విడిపించుకోలేడు.

దీనికి ఒప్పుకోకపోతే మధ్యేమార్గం బ్యాంకు ద్వారా కాగితాలు పంపడం. ఆయన డబ్బు కడితేనే అక్కడి బ్యాంకు కాగితాలు ఇస్తుంది. కానీ ఆయన అసలు బ్యాంకుకే రాకపోతే సరుకు జెబెల్ అలీ రేవులో పడి ఉంటుంది. అంటే ఈ పద్ధతి సరుకును కాపాడుతుంది గానీ అమ్మకాన్ని కాపాడదు. లెటర్ ఆఫ్ క్రెడిట్ భద్రమైనదే, అయితే 5,750 డాలర్ల ఆర్డరుకు రెండు వైపుల బ్యాంకు రుసుములూ బరువే.

అప్పు మీద పంపక తప్పనప్పుడు ప్రభుత్వ రంగంలోని ఈసీజీసీ బీమా ఉంది. చిన్న ఎగుమతిదారులకు వేరే పాలసీయే పెట్టింది. కొన్నవాడు దివాలా తీసినా, డబ్బు ఎగ్గొట్టినా నష్టంలో ఎక్కువ భాగం అది భరిస్తుంది. సరుకు నాణ్యత బాగాలేదని కొన్నవాడు తగాదా పెడితే మాత్రం సాధారణంగా భరించదు. బూజు పరీక్ష సరిగా చేయించనివాడిని బీమా కూడా ఆదుకోదన్నమాట.

డాలరు లెక్క

ఇప్పుడు డాలరు దగ్గరికి వద్దాం. 2025 ఫిబ్రవరిలో డాలరు 88 రూపాయల దరిదాపుల్లో ఉంది. మే మొదటి వారానికి 84 కిందికి దిగింది. అదే ఏడాది డిసెంబరులో 90 దాటింది. ఫిబ్రవరిలో ధర చెప్పి మేలో సొమ్ము తీసుకున్న ఎగుమతిదారుకు డాలరుకు దాదాపు నాలుగు రూపాయలు తగ్గాయి. మన ఆర్డరులో అది 23,000, లాభంలో మూడో వంతుకు పైనే. అయినా అసలు అంకె 77.40కి చాలా ఎడం ఉంది.

అదే మూడు నెలల్లో మిర్చి పది శాతం పెరిగిందనుకోండి. 1,150 కిలోలకు 28,750 అదనం, సగం లాభం పోయినట్టే. డాలరు మూడు నెలల్లో అయిదు శాతం కదిలితే వార్త అవుతుంది. మిర్చి పది శాతం కదలడం మార్కెట్‌లో మామూలు. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయి ఆంధ్రప్రదేశ్ మిర్చికి కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలతో మార్కెట్ జోక్యం ప్రకటించాల్సి వచ్చింది. ధర పడితే ఎగుమతిదారుకు లాభమే కదా అనిపిస్తుంది. ఇప్పుడు పడిన ధర తరువాతి పంటలో విస్తీర్ణాన్ని తగ్గిస్తుంది, మరుసటి ఏడాది ఎక్కడికి పోతుందో చెప్పలేం. అందుకే మన ధర ఏడు రోజులే చెల్లుతుందని కాగితం మీద రాయాలి. ముందు సొమ్ము పడిన రోజే మిర్చి కొనేయాలి.

యాభై శాతం ముందు తీసుకోవడం ఇక్కడ మరోసారి పనికొస్తుంది. ఆ 2,875 డాలర్లు వచ్చిన రోజే రూపాయలవుతాయి. ఇక డాలరు నాలుగు రూపాయలు పడినా నష్టం సగమే, 11,500. ఒక్క షరతు మూడు పనులు చేసింది. ఎగవేత భయం తగ్గించింది, మిర్చి కొనే డబ్బులో ఎక్కువ భాగం ఇచ్చింది, డాలరు నష్టాన్ని సగం చేసింది.

మిగతా సగానికి బ్యాంకుతో ఫార్వర్డ్ ఒప్పందం చేసుకోవచ్చు, ఫలానా తేదీకి ఫలానా రేటుకు బ్యాంకు మన డాలర్లు కొనేలా. మన దగ్గర వడ్డీ రేట్లు అమెరికా కంటే ఎక్కువ కాబట్టి సాధారణంగా ఆ రేటు ఈనాటి రేటు కంటే కొంచెం ఎక్కువే ఉంటుంది. కానీ సొమ్ము ఆ తేదీకి రాకపోతే ఒప్పందం రద్దు ఖర్చు మనదే. డబ్బు వస్తుందన్న నమ్మకం లేనివాడు ఫార్వర్డ్ చేయకూడదు.

దీనికంటే కచ్చితమైన నష్టం ఇంకొకటుంది. చిన్న మొత్తాలకు బ్యాంకు తన బోర్డు రేటు వేస్తుంది. అది మార్కెట్ రేటు కంటే డాలరుకు ఒక్క రూపాయి తక్కువైనా మన ఆర్డరులో 5,750 పోతుంది. డాలరు పడొచ్చు, పెరగొచ్చు, ఈ కోత మాత్రం ప్రతిసారీ ఉంటుంది. బ్యాంకు మేనేజరును ముందే అడిగి రేటు మాట్లాడుకోవాలి. రిజర్వు బ్యాంకు ప్రోత్సాహంతో 2019 ఆగస్టులో మొదలైన ఎఫ్‌ఎక్స్-రిటైల్ వేదికలో చిన్న ఎగుమతిదారు కూడా నమోదై మార్కెట్‌కు దగ్గర రేటు పొందవచ్చు.

జనగామ దారి వేరు: పెంబర్తి ఇత్తడి

మిర్చి లెక్క చేతిపనికి సరిపోదు. జనగామ జిల్లా పెంబర్తి కళాకారుడి లెక్కలో ముడిసరుకు కంటే చేతిపని విలువే ఎక్కువ. ఇత్తడి రేకును లక్క మీద పరిచి ఉలితో ఉబ్బెత్తు బొమ్మ తీసే పనికి బూజు లేదు, గడువు లేదు. రెండు మూడు కిలోల వస్తువుకు ఓడ అక్కర్లేదు. తపాలా శాఖ డాక్‌ఘర్ నిర్యాత్ కేంద్రంలో ఆన్‌లైన్ ఎగుమతి బిల్లు వేసి పార్సిల్‌గానే పంపవచ్చు.

ఇక్కడి ముప్పు అవతలి దేశం సుంకం. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా భారత్ సరుకుల్లో చాలావాటి మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. ఆ నెల 25 నుంచే మన తపాలా శాఖ అమెరికాకు చాలా రకాల పార్సిళ్లను ఆపేసి, అక్టోబరు 15న తిరిగి మొదలుపెట్టింది. అప్పుడు సుంకాన్ని ఇక్కడే ముందు వసూలు చేసే పద్ధతి పెట్టింది. సుంకాలు మారుతూనే ఉంటాయి. కాబట్టి పెంబర్తి నుంచి పంపేవారు వస్తువు ధర, పార్సిల్ ఖర్చు, సుంకం మూడు వేర్వేరు వరుసల్లో రాసి, పార్సిల్ వేసే రోజున్న సుంకమే కొన్నవారిదని ముందే చెప్పాలి. ఒకే మొత్తం చెప్పినవాడు పెరిగిన సుంకాన్ని తన కూలిలోంచి కడతాడు.

వెయ్యి కిలోలు చాలవు

మళ్లీ మిర్చికి వస్తే, మన లెక్కలో పరీక్షలు, లారీ, రేవు, బ్యాంకు కలిపి 74,500. కిలోకు 74.50, అంటే కిలో లాభం 61 కంటే ఎక్కువ. ఈ ఖర్చులు సరుకు మూడింతలైనా మూడింతలు కావు. భూపాలపల్లి, మహబూబాబాద్ జిల్లాల నుంచి ముగ్గురు చిన్న వ్యాపారులు ఒక రైతు ఉత్పత్తిదారుల సంఘం పేరు మీద తలా వెయ్యి కిలోలు కలిపి పంపితే లారీకి 36,000, రేవుకు 36,000, బ్యాంకుకు 7,500 అనుకోవచ్చు. పరీక్షల్లో మాత్రం పొదుపు చేయకూడదు. ఎవరి సరుకు వారి బ్యాచ్‌గా విడిగా ఉంచి మూడు పరీక్షలూ చేయించాలి, 60,000. లేకపోతే ఒకరి బూజు ముగ్గురినీ ముంచుతుంది. మొత్తం 1,39,500, కిలోకు 46.50. ఒక్కొక్కరికి కిలోకు 28 రూపాయలు మిగులుతాయి. మిర్చి పది శాతం పెరిగినా ఆ దెబ్బను దాదాపు పూర్తిగా తట్టుకునే మొత్తం అది.

ముగ్గురూ కలవడం కుదరకపోతే, యాభై శాతం ముందు రాకపోతే, కొనుగోలుదారు పరీక్షల హద్దులు రాసివ్వకపోతే ఆ ఆర్డరు వదిలేయడమే మంచిది. చపాట మిర్చికి ఎనుమాములలో ఎప్పుడూ కొనేవాడున్నాడు. దుబాయ్ ధర దాని కంటే ఎక్కువ కావాలంటే అది 445 మీద మొదలు కావాలి, 290 మీద కాదు.